అంగ వేసి కుంగితే తుంటికి ఎంత పని?

డ్రిల్లు పీరియడులో మాస్టారు మీచేత ఈ కసరత్తు చేయించే ఉంటారు. నిటారుగా నిలబడి ఒక కాలితో ముందుకు అంగ వేస్తారు. రెండు మోకాళ్ళూ మడుస్తూ కిందికి కుంగుతారు. ముందు తొడ నేలకు సమాంతరంగా వచ్చేదాకా, వెనుక మోకాలు నేలకు తగిలీ తగలనట్టు ఉండేదాకా దిగి, మళ్ళీ పైకి లేస్తారు. ఇంగ్లీషులో దీన్ని లన్జ్ అంటారు. మనం 'అంగ కసరత్తు' అని పిలుచుకుందాం. నెట్ దగ్గర పడిపోబోయే కాకును అందుకోవడానికి బాడ్మింటన్ ఆటగాడు వేసే చివరి అంగ ఇలాంటిదే. చేయి చాచి అవతలి జట్టువాణ్ణి తాకబోయే కబడ్డీ ఆటగాడిదీ ఇలాంటిదే.

ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి, చెరి ఇరవైసార్లు ఈ కసరత్తు చేశారనుకోండి. మర్నాడు ఒకరికి మెట్లు దిగుతుంటే మోకాలికి పైన, తొడ ముందు భాగం పట్టేసినట్టుంటుంది. రెండోవారికి తొడ ముందు ఏ నొప్పీ లేదు. బల్లమీదనుంచి లేవబోతే పిరుదులు నొప్పి పెడుతున్నాయి. ఇద్దరి బరువూ ఒకటే. చేసిన లెక్కా ఒకటే. మరి నొప్పి చెరొక చోట ఎందుకు వచ్చింది?

ఇద్దరినీ పక్కనుంచి గమనిస్తే కారణం కనిపిస్తుంది. మొదటివారు పొట్టి అంగ వేసి, మొండెం నిటారుగా ఉంచి దిగారు. రెండోవారు పొడవైన అంగ వేసి, మొండెం కొంచెం ముందుకు వంచి దిగారు. ఈ రెండు చిన్న తేడాలు పనిని మోకాలినుంచి తుంటికి ఎలా మారుస్తాయో లెక్క వేసి చూద్దాం. ఇందుకు మీరు క్లాసులో చదువుకున్న భ్రామకం చాలు.

బరువుతోపాటు దూరం కూడా

నీళ్ళు నిండిన చెంబును ఛాతీకి ఆనించి పట్టుకోండి. ఎంతసేపైనా పట్టుకోగలరు. అదే చెంబును చేయి బారుగా చాచి పట్టుకోండి. నిమిషంలో భుజం లాగేస్తుంది. చెంబు బరువు పెరగలేదు. భుజానికీ చెంబుకూ మధ్య అడ్డంగా ఉన్న దూరం పెరిగింది. కీలును తిప్పాలని చూసే ఈ ప్రభావమే భ్రామకం. బలాన్ని, కీలునుంచి ఆ బలరేఖకు ఉన్న లంబ దూరంతో గుణిస్తే అది వస్తుంది. బలాన్ని న్యూటన్లలోనూ దూరాన్ని మీటర్లలోనూ తీసుకుంటే, భ్రామకం న్యూటన్-మీటర్లలో వస్తుంది.

అంగ కసరత్తులో ఆ బలం ఎక్కడిది? ముందు పాదం నేలను కిందికి నొక్కుతుంది. నేల అంతే బలంతో పాదాన్ని పైకి నెడుతుంది. ఇది న్యూటన్ మూడో నియమం. నేల నెట్టే ఈ బలాన్ని పాదం కిందనుంచి పైకి గీసిన ఒక గీతగా ఊహించుకోండి. మీరు కుంగి ఉన్నప్పుడు ఆ గీత మీ ముందు తొడను ఎక్కడో ఒకచోట దాటి పైకి పోతుంది.

ఇప్పుడు ఆ తొడను పక్కనుంచి చూడండి. తొడకు ఒక కొసన మోకాలు, మరో కొసన తుంటి ఉన్నాయి. మోకాలు బలరేఖకు ముందు ఉంది. కాబట్టి ఆ బలం మోకాలిని ఇంకా మడవాలని చూస్తుంది. అలా మడిచిపోకుండా తొడ ముందున్న పెద్ద కండరం మోకాలిని నిలబెట్టాలి. తుంటి బలరేఖకు వెనుక ఉంది. కాబట్టి అదే బలం తొడను పొట్టవైపుకు, అంటే తుంటి మడతపడేట్టు నెడుతుంది. దాన్ని ఆపేవి పిరుదుల కండరాలు, తొడ వెనుక కండరాలు, తొడ లోపలివైపున్న పెద్ద కండరం.

తొడ నేలకు సమాంతరంగా ఉంది కనుక ఇక్కడ ఒక చక్కని సంగతి గమనించవచ్చు. బలరేఖ తొడను రెండు ముక్కలు చేస్తుంది. రేఖనుంచి మోకాలిదాకా ఉన్న ముక్క మోకాలి వాటా. రేఖనుంచి తుంటిదాకా ఉన్న ముక్క తుంటి వాటా. తొడ పొడవు మారదు కాబట్టి ఒకరి వాటా పెరిగితే రెండోవారి వాటా తగ్గి తీరాలి. అన్నదమ్ములిద్దరు ఒకే పొలాన్ని పంచుకున్నట్టన్నమాట. గట్టు ఎటు జరిగితే అటు తగ్గుతుంది.

అంగ పొడవు గట్టును జరుపుతుంది

50 కిలోల బరువున్న ఒక విద్యార్థిని తీసుకుందాం. ఆమె బరువు సుమారు 500 న్యూటన్లు. తొడ పొడవు 40 సెంటీమీటర్లు.

మొదట ఆమె పొట్టి అంగ వేసింది. కిందికి దిగినప్పుడు ముందు పాదం నడిమికీ వెనుక కాలి మునివేళ్ళకూ మధ్య 64 సెంటీమీటర్ల దూరం ఉంది. ఇంత తక్కువ జాగాలో దిగాలంటే మోకాలు ముందుకు పోక తప్పదు. పిక్క ముందుకు వాలి, మోకాలు కాలివేళ్ళ మీదికి వస్తుంది. పాదం నడిమినుంచి లేచిన బలరేఖ మోకాలికి బాగా వెనుక, సుమారు 12 సెంటీమీటర్ల దూరాన తొడను దాటుతుంది. మిగతా 28 సెంటీమీటర్లు తుంటి వాటా.

మొండెం నిటారుగా ఉంటే ముందు పాదంమీద ఆమె బరువులో సగానికి కొంచెం పైగా, సుమారు 280 న్యూటన్లు పడుతుంది. మిగతాది వెనుక కాలిది. ఇప్పుడు గుణించండి. మోకాలికి 280 × 0.12, అంటే సుమారు 34 న్యూటన్-మీటర్లు. తుంటికి 280 × 0.28, అంటే సుమారు 78.

రెండోసారి పొడవైన అంగ వేసింది. ఈసారి పాదాల మధ్య దూరం ఒక మీటరు. మోకాలు ముందుకు పోవలసిన అవసరం లేదు. పిక్క నిట్టనిలువుగా, మోకాలు సరిగ్గా చీలమండకు పైన ఉంటుంది. బలరేఖ మోకాలికి చాలా దగ్గరగా వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. కాళ్ళు బాగా చాచినప్పుడు ముందు పాదం నేలను కిందికే కాక, ముందుకు కూడా నెడుతుంది. కాలు జారిపోకుండా నేల ఘర్షణ దాన్ని ఆపుతుంది. అందువల్ల బలరేఖ నిట్టనిలువుగా ఉండక, కొంచెం వెనక్కి వాలుతుంది. ఆ వాలు లెక్కలోకి తీసుకుంటే రేఖ మోకాలికి సుమారు 4 సెంటీమీటర్ల వెనుక తొడను దాటుతుందనుకోవచ్చు. మిగతా 36 సెంటీమీటర్లు తుంటివి.

మొండెం నిటారుగానే ఉంది కనుక ముందు పాదంమీద బరువు ఇప్పుడూ దాదాపు 280 న్యూటన్లే. మోకాలికి 280 × 0.04, అంటే 11. తుంటికి 280 × 0.36, అంటే సుమారు 101. పాదంమీద ఒక్క కిలో కూడా పెరగలేదు. గట్టు జరిగింది, అంతే. మోకాలి పని మూడో వంతుకు తగ్గింది. తుంటి పని 78నుంచి 101కి పెరిగింది.

పొట్టి అంగ మోకాలికి బరువెక్కువ అన్నది లెక్కలోనే కాదు, కొలతల్లోనూ కనిపించింది. 2008లో అమెరికాలో ఎస్కమిల్లా, ఆయన సహచరులు పొట్టి అంగను, పొడవైన అంగను పోల్చి చూశారు. మోకాలు బాగా మడిచిన స్థితిలో, మోకాలిచిప్ప వెనుక పడే ఒత్తిడి పొట్టి అంగలోనే ఎక్కువగా ఉందని తేల్చారు.

మొండెం వాల్చితే ఏమవుతుంది?

తల, చేతులు, మొండెం కలిపి మన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటాయి. మన విద్యార్థినికి అది సుమారు 34 కిలోలు. ఆ భాగం గరిమనాభి తుంటికి దాదాపు 29 సెంటీమీటర్ల పైన ఉంటుంది. నిటారుగా ఉన్నంతసేపు అది సరిగ్గా తుంటి మీదే నిలుస్తుంది. మొండెం 30 డిగ్రీలు ముందుకు వాల్చిందనుకోండి. 30 డిగ్రీల సైన్ విలువ అరవంతు కదా! గరిమనాభి 29లో సగం, అంటే 14.5 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. మొత్తం శరీరం గరిమనాభి సుమారు 10 సెంటీమీటర్లు ముందుకు పోతుంది.

ఇద్దరు మనుషులు ఒక దుంగకు మూట వేలాడదీసి, చెరొక కొస భుజాన పెట్టుకుని నడుస్తున్నారనుకోండి. మూట ముందువాడి వైపు జరిగితే బరువు వాడిమీదే ఎక్కువ పడుతుంది. ఇక్కడా అంతే. గరిమనాభి ముందుకు జరిగితే వెనుక కాలు తేలికపడి ముందు కాలు బరువెక్కుతుంది. 64 సెంటీమీటర్ల పొట్టి అంగలో 10 సెంటీమీటర్ల జరుగుడు చాలా పెద్దది. ముందు పాదంమీద బలం 280నుంచి సుమారు 350 న్యూటన్లకు చేరుతుంది. మీటరు పొడవైన అంగలో అదే జరుగుడు అంత పెద్దది కాదు. అక్కడ బలం సుమారు 330 న్యూటన్లకే పెరుగుతుంది.

వంగేటప్పుడు పిరుదులను కొంచెం వెనక్కి నెడుతూ వంగితే మోకాలు కూడా వెనక్కి వస్తుంది. పొట్టి అంగలో మోకాలి వాటా 12నుంచి 8 సెంటీమీటర్లకు తగ్గి, తుంటి వాటా 32కు పెరిగిందనుకుందాం. అప్పుడు మోకాలికి 350 × 0.08, అంటే 28. తుంటికి 350 × 0.32, అంటే 112. పొడవైన అంగలో మొండెం వాల్చితే తుంటికి 330 × 0.36, అంటే దాదాపు 119.

ఇప్పుడు నాలుగు అంకెలూ ఒక వరుసలో పెట్టి చూడండి. తుంటి భ్రామకం పొట్టి అంగలో నిటారుగా ఉంటే 78, పొడవైన అంగలో నిటారుగా ఉంటే 101, పొట్టి అంగలో వాలితే 112, పొడవైన అంగలో వాలితే 119. అంగ పొడవు తుంటి వాటాను పెంచితే, మొండెం వాలు ముఖ్యంగా పాదంమీది బలాన్ని పెంచుతుంది. దారులు రెండు, చేరేది ఒక చోటికే. పొట్టి అంగ వేసేవారికి మొండెం వాలు తెచ్చే తేడా ఎక్కువ. అప్పటికే పొడవుగా అంగ వేసినవారికి అది తెచ్చే తేడా తక్కువ.

ఈ భ్రామకాన్ని కండరాలు ఎంత బలంతో ఆపాలో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. తుంటిని వెనక్కి లాగే కండరాలు కీలుకు చాలా దగ్గరగా, సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. 100 న్యూటన్-మీటర్లను 0.05తో భాగించండి. 2000 న్యూటన్లు! అంటే 50 కిలోల అమ్మాయి తుంటి వెనుక కండరాలన్నీ కలిసి 200 కిలోల బరువును మోసేంత బలంతో లాగుతున్నాయి. మర్నాడు పిరుదులు నొప్పిపెట్టడంలో వింత ఏముంది?

లాస్ ఏంజెలస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫరోఖీ, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన పరిశోధన దీన్ని బలపరుస్తుంది. వారు కండరాలలో పుట్టే విద్యుత్తును చర్మంమీద అతికించిన బిళ్ళలతో కొలిచారు. మొండెం ముందుకు వాల్చినప్పుడు పిరుదుల పెద్ద కండరమూ తొడ వెనుక కండరమూ ఎక్కువగా పనిచేశాయి. మొండెం వెనక్కి వాల్చినప్పుడు మాత్రం కండరాల పనిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

వెనుక తుంటి సంగతి

ఇంతవరకూ ముందు కాలి తుంటి గురించే చెప్పుకున్నాం. వెనుక కాలికీ తుంటి ఉంది కదా! దానిది పూర్తిగా వేరే అనుభవం. పొడవైన అంగలో వెనుక తొడ శరీరానికి వెనక్కి పోతుంది. వెన్నెముకనుంచీ కటి ఎముకనుంచీ తొడమీదికి దిగే కండరాలు, తుంటి ముందు భాగంలో బాగా సాగుతాయి. మొండెం నిటారుగా ఉంచినప్పుడు ఈ సాగుడు స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు మొండెం ముందుకు వాల్చండి. కటి ఎముక కూడా ముందుకు ఒరుగుతుంది. ఆ కండరాల పై కొసలు కింది కొసలకు దగ్గరవుతాయి. సాగుడు సడలిపోతుంది. కాబట్టి ఒకే పొడవైన అంగ రెండు వేరువేరు కసరత్తులుగా పనికివస్తుంది. నిటారుగా ఉంటే వెనుక తుంటి ముందు భాగం సాగుతుంది. వాలితే ముందు తుంటి వెనుక భాగం కష్టపడుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు.

మీరే కొలిచి చూడండి

మనుషుల బరువు చూసే చిన్న యంత్రం ఇంట్లోగానీ బడిలోగానీ ఉంటే ఈ ప్రయోగం చేయవచ్చు. యంత్రాన్ని గరుకు నేలమీద పెట్టి, ముందు పాదం దానిమీద ఉంచండి. వెనుక పాదం కింద అంతే ఎత్తున్న, కదలని చెక్క పెట్టండి. పాదాల మధ్య 60, 65 సెంటీమీటర్ల దూరం చాలు. గోడకు పక్కగా నిలబడి, పడిపోకుండా మీ మిత్రుణ్ణి దగ్గర ఉండమనండి. నెమ్మదిగా కుంగి, నిటారుగా ఆగండి. మిత్రుడు అంకె చదివి రాసుకోవాలి. పాదాలు కదపకుండా మొండెం ముందుకు వాల్చండి. అంకె పెరుగుతుంది. 50 కిలోలవారికి అది 28 దరిదాపులనుంచి 35 దరిదాపులకు పోవాలని మన లెక్క చెబుతోంది. మీ అంకె ఎంత వచ్చిందో మీ బరువుతో పోల్చి చూడండి.

గట్టు ఎక్కడుందో చూడటం ఇంకా తేలిక. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే గుండులాగా, దారానికి చిన్న రాయి కట్టండి. మీరు కుంగి ఉండగా మిత్రుడు ఆ దారాన్ని మీ ముందు మోకాలి పక్కన వేలాడదీయాలి. రాయి చీలమండ దగ్గర ఉంటే గట్టు మోకాలికి దగ్గరగా ఉన్నట్టు, అంటే తుంటి వాటా ఎక్కువ. రాయి కాలివేళ్ళు దాటి పోతే మోకాలి వాటా పెరిగినట్టు.

ఎక్కడ తప్పుతారు?

మొండెం వాల్చమంటే చాలామంది వీపు గూని చేస్తారు. అది తుంటిలో మడత కాదు. మిత్రుడు మీ వీపుమీద పొడవాటి స్కేలు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. స్కేలు తలకూ నడుముకూ మధ్య వీపును వదలకుండా ఉండాలి. వీపు గుండ్రంగా వంగితే భారం నడుము కండరాలమీదికి పోతుంది.

రెండో తప్పు, వాలేటప్పుడు మొత్తం శరీరాన్ని మోకాలిమీదికి తోసేయడం. అప్పుడు మోకాలు వెనక్కి రాకపోగా ఇంకా ముందుకు పోతుంది. పాదంమీది బలం పెరిగింది, మోకాలి వాటా కూడా పెరిగింది. గుణిస్తే మోకాలి భ్రామకం తగ్గకపోగా పెరుగుతుంది. మడమ నేలనుంచి లేస్తే ఈ తప్పు జరుగుతోందని గుర్తు. అంగ మరీ పొట్టిదైనా మడమ లేస్తుంది.

అంగ మరీ పొడవైతే గుర్తులు వేరు. ముందు పాదం జారబోతుంది. గజ్జల్లో పట్టేసినట్టుంటుంది. లేవాలంటే చేతులు విసరవలసి వస్తుంది. నున్నటి గచ్చుమీద, మేజోళ్ళతో పొడవైన అంగ వేయకూడదు. బలరేఖను వాల్చే ఘర్షణ అక్కడ చాలినంత దొరకదు.

మన లెక్కకూ హద్దులున్నాయి. ఇది కుంగి కదలకుండా ఆగినప్పటి లెక్క. కాలి సొంత బరువును ఇందులో చేర్చలేదు. దబాలున అంగ వేస్తే, ముందుకు దూసుకొచ్చే శరీరాన్ని ఆపడానికి పాదం ఇంకా ఎక్కువ బలం భరించాలి. కాళ్ళ పొడవు, మొండెం పొడవు మనిషి మనిషికీ మారతాయి. అందుచేత మీ అంకెలు ఇవే కావు. అవి పెరిగే, తగ్గే దిశ మాత్రం ఇదే.

మొదట చెప్పుకున్న ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదని ఇప్పుడు మీకు తెలిసింది. తొడ ముందు కండరం బలపడాలంటే మొదటివారి పద్ధతి మంచిది. తుంటి బలపడాలన్నా, మోకాలికి కొంత విశ్రాంతి ఇవ్వాలన్నా రెండోవారి పద్ధతి మంచిది. కానీ కసరత్తు ఆపిన తరువాత కూడా మోకాలి కీలులో నొప్పి ఉంటే, వాపు వస్తే, అంగ మార్చి చూస్తూ కూర్చోకండి. మాస్టారికి చెప్పి, డాక్టరుకు చూపించండి. కండరం అలసిన నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది. కీలు నొప్పి అలా పోదు.